మూడు ఐదులు, ఒక ఇరవై: దేవరకొండ వైపు ఒక పాల కేంద్రంలో సోలార్ లెక్క ఎక్కడ తప్పింది

ఈ కేసు దేవరకొండ వైపు ఒక ఊళ్ళోని పాల సేకరణ కేంద్రానిది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, తండాల నుంచి పొద్దున సుమారు 600 లీటర్లు, సాయంత్రం సుమారు 400 లీటర్ల పాలు అక్కడికి వస్తాయి. షెడ్డులో పెద్ద స్టీలు ట్యాంకు ఉంది, దాన్ని చల్లబరచడానికి 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ కంప్రెసర్ ఉంది. వాడుకలో దీన్ని బల్క్ కూలర్ అంటారు. అప్పుడే పితికిన పాలు 35 డిగ్రీల దగ్గర వస్తాయి. వాటిని రెండు మూడు గంటల్లో 4 డిగ్రీలకు దించాలి. పొద్దున పాలు చల్లబడ్డాక, పదకొండు ప్రాంతంలో ట్యాంకర్ వచ్చి అంతకుముందు సాయంత్రం పాలతో కలిపి తీసుకుపోతుంది. చల్లదనం తక్కువైతే పాలు పరీక్షలో నిలవవు, ట్యాంకర్ వాళ్ళు తీసుకోరు.

కేంద్రం నడిపే ఆయన మార్చిలో సోలార్ పెట్టించారు. ఆ ధైర్యంతో పాత డీజిల్ జనరేటర్ అమ్మేశారు. కరెంటు బిల్లు బాగా తగ్గింది. కానీ ఎండాకాలం గాలివానలు మొదలయ్యాక అసలు చిక్కు బయటపడింది. ఒకరోజు సాయంత్రం కరెంటు పోతే బ్యాటరీ మీద కంప్రెసర్ 50 నిమిషాలు నడిచి ఆగింది, పాలు 20 డిగ్రీల దగ్గరే ఉండిపోయాయి. ఇంకోరోజు కరెంటు పోయిన పది నిమిషాలకే అంతా ఆగింది. మరోరోజు కంప్రెసర్ అసలు స్టార్టే కాలేదు, ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది. రెండుసార్లు పాలు పారబోశారు. నాకు ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతులో ఆ టెన్షన్ తెలుస్తూనే ఉంది.

"సార్, కంప్రెసర్ మీద 3.7 కిలోవాట్లు అని రాసుంది. ఐదు కిలోవాట్ల ప్యానెల్లు పెట్టిన్రు, ఐదు కిలోవాట్ల ఇన్వర్టర్ పెట్టిన్రు, ఐదు కిలోవాట్ల బ్యాటరీ పెట్టిన్రు. అన్నీ దానికన్నా ఎక్కువే ఉన్నయ్ గదా. మరి ఎందుకు ఆగుతున్నది?"

దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. సోలార్ పెట్టించక ముందు ఆయన రెండు చోట్ల కొటేషన్ తీసుకున్నారు. ఒకటి 5 కిలోవాట్లకు, ఇంకొకటి 20 కిలోవాట్లకు. 20 ధర చూసి వెనక్కి తగ్గి 5 పెట్టించారు. ఇప్పుడు ఆ రెండో డీలర్ మళ్ళీ వచ్చి, "మీకు రోజుకు 20 కిలోవాట్లు కావాలె, 5 పెడితే ఎట్ల సరిపోతది అని నేను అప్పుడే చెప్పిన. ఇంకో 15 పెట్టుకోండి" అంటున్నాడు. ఆయన బ్యాంకు లోనుకు కూడా అడిగి ఉన్నారు. లోను తీసుకోవాలా వద్దా అన్నది నా ముందు పెట్టిన ప్రశ్న.

ఒకే షెడ్డు, ఒకే కంప్రెసర్, ఒకే బిల్లు. అయినా ఒక లెక్కకు ఇంకో లెక్క నాలుగింతలు. రెండు కొటేషన్లలోనూ తప్పు ఒక్కటే, కాకపోతే చెరో వైపు నుంచి చేసిన తప్పు. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

కిలోవాట్ దేనికి, యూనిట్ దేనికి

మన వైపు బోరు గురించి అడిగితే "రెండించుల నీళ్ళు పోస్తది" అంటారు. అది నీళ్ళు ఎంత జోరుగా వస్తున్నాయో చెప్తుంది. మడి తడుస్తుందా లేదా అన్నది మాత్రం ఆ మాటతో తేలదు, బోరు ఎన్ని గంటలు నడిచిందో కూడా తెలియాలి. కిలోవాట్ ఆ రెండించుల లాంటిది. ఒక యంత్రం ఈ క్షణాన కరెంటును ఎంత జోరుగా లాగుతోందో, లేదా ఒక ప్యానెల్ ఈ క్షణాన ఎంత జోరుగా ఇస్తోందో అది చెప్తుంది. కిలోవాట్-అవర్ అంటే ఆ జోరు అన్ని గంటలు సాగాక మొత్తంగా పోగైన కరెంటు. బిల్లులో యూనిట్ అని రాసేది ఇదే. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-అవర్.

కాబట్టి కిలోవాట్లను గంటలతో గుణిస్తే యూనిట్లు వస్తాయి. చాలామంది "కిలోవాట్ పర్ అవర్" అని పలుకుతూ దాన్ని భాగించే లెక్కలా, వేగంలా అనుకుంటారు. అక్కడే మనసులో బొమ్మ తారుమారు అవుతుంది. 2 కిలోవాట్ల గీజర్ పావుగంట వేస్తే 2ను పావుతో గుణించాలి, అర యూనిట్ అవుతుంది. 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్లు నాలుగు కలిపితే 0.3 కిలోవాట్లే, కానీ అవి 12 గంటలు తిరిగితే 3.6 యూనిట్లు. ఇంట్లో లోడ్ లిస్టు రాస్తే గీజర్ పెద్దదిగా, ఫ్యాన్లు చిన్నవిగా కనిపిస్తాయి. బిల్లులో మాత్రం ఫ్యాన్లు గీజర్ కన్నా ఏడింతలు తింటాయి. లోడ్ లిస్టు చూసి సోలార్ సైజు చెప్పేవాళ్ళు ఈ తేడా చూడకుండా దాటిపోతారు.

కరెంటు బిల్లు కూడా ఈ గందరగోళానికి కొంత కారణమే. దాని మీద యూనిట్లు ఉంటాయి, పక్కనే కాంట్రాక్టెడ్ లోడ్ అని కిలోవాట్లలో ఇంకో అంకె ఉంటుంది. ఆ రెండో అంకె మీ సర్వీసుకు ఒకేసారి ఎంత లోడ్ లాగడానికి ఒప్పందం ఉందో చెప్తుంది. మీరు నెలకు ఎంత వాడుతున్నారో దాంట్లో ఉండదు. 5 కిలోవాట్ల కాంట్రాక్టెడ్ లోడ్ ఉన్న ఇల్లు నెలకు 150 యూనిట్లు వాడవచ్చు, 700 యూనిట్లూ వాడవచ్చు.

20 ఎలా వచ్చింది

పాల కేంద్రం బిల్లు నెలకు 600 యూనిట్ల చుట్టూ ఉండేది. 30తో భాగిస్తే రోజుకు 20 యూనిట్లు. ఇంతవరకు సరిగ్గానే ఉంది. ఆ డీలర్ 20 యూనిట్లను నోటితో "20 కిలోవాట్లు" అన్నాడు, కొటేషన్‌లో కూడా 20 కిలోవాట్ల ప్లాంటు అనే రాశాడు. తప్పు అంతా ఆ ఒక్క అడుగులో ఉంది. రోజంతా కలిపిన మొత్తాన్ని తీసుకుని, ఒక క్షణపు జోరు రాయాల్సిన చోట పెట్టాడు.

ప్యానెల్ రోజంతా పనిచేస్తుంది, ఒక్క క్షణం కాదు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండకు, నీడ పడకుండా దక్షిణం వైపు సరైన వాలులో పెట్టిన 1 కిలోవాట్ ప్యానెల్స్ ఏడాది సగటున రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో 5కు దగ్గరగా వస్తాయి, జులై, ఆగస్టు ముసురు రోజుల్లో 3 దగ్గరికి పడిపోతాయి. అంటే 20 కిలోవాట్లు పెడితే రోజుకు 80 యూనిట్లు వస్తాయి. వాడకం 20. నాలుగింట మూడు వంతులు ఊరికే గ్రిడ్‌లోకి పోతాయి. అలా మిగిలిన యూనిట్లకు ఇచ్చే ధర, మనం కొనే యూనిట్ ధర కన్నా చాలా తక్కువ. ఆ 60 యూనిట్ల కోసం పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. పైగా 20 కిలోవాట్లకు సుమారు 2000 చదరపు అడుగుల నీడలేని కప్పు కావాలి. ఆ షెడ్డు అందులో సగం కూడా లేదు.

సరైన భాగహారం చేస్తే, రోజుకు 20 యూనిట్లు కావాలి, కిలోవాట్‌కు రోజుకు 4 వస్తాయి, కాబట్టి 5 కిలోవాట్లు.

5 ఎలా వచ్చింది, ఎందుకు అదృష్టం కొద్దీ కుదిరింది

ఇక్కడ చదివేవాళ్ళకు అనుమానం వస్తుంది. లెక్క 5 అని తేలింది, ఆయన పెట్టించింది కూడా 5 కిలోవాట్లే. మరి మొదటి డీలర్ లెక్క సరైనదే కదా?

ఆ డీలర్ లెక్క నాకు వివరంగా తెలిసింది. కంప్రెసర్ ప్లేటు మీద 3.7 కిలోవాట్లు చూశాడు, లైట్లు, పాలు పరీక్షించే మిషన్, కంప్యూటర్, ఫ్యాన్లు కలిపి ఇంకొంచెం వేసుకున్నాడు, పైకి సరిచేసి 5 అన్నాడు. యంత్రాలు లాగే జోరు ఎంతో, ప్యానెల్ జోరు కూడా అంతే ఉంటే చాలు అన్నది అతని సూత్రం. యూనిట్లు ఎక్కడా లెక్కలోకి రాలేదు.

ఆ సూత్రం ఇక్కడ కుదరడానికి ఒకే కారణం ఉంది. ఆ కంప్రెసర్ రోజుకు నాలుగు గంటలకు కొంచెం పైగా నడుస్తుంది. ప్యానెల్ కూడా తన పూర్తి జోరుతో లెక్కిస్తే రోజుకు నాలుగు గంటలంత పనే చేస్తుంది. రెండు వైపులా గంటలు దాదాపు ఒక్కటే కాబట్టి కిలోవాట్‌కు కిలోవాట్ సరిపోయింది. ఇదే డీలర్ ఇదే సూత్రంతో పగలూ రాత్రీ ఆగకుండా 1 కిలోవాట్ లాగే ఒక కోల్డ్ రూముకు లెక్కవేస్తే 1 కిలోవాట్ ప్యానెల్స్ అంటాడు. అక్కడ వాడకం రోజుకు 24 యూనిట్లు, ప్యానెల్ ఇచ్చేది 4. ఆరోవంతు. రోజుకు గంటే నడిచే పిండిగిర్నీకి 5 కిలోవాట్ల మోటారు ఉందని 5 కిలోవాట్ల ప్యానెల్స్ పెడితే, ఇచ్చేది 20, వాడేది 5.

ఎవరైనా "మీ లోడ్ ఇంత కాబట్టి సోలార్ ఇంత" అంటే నేను వెంటనే అడిగేది ఒకటే: ఆ లోడ్ రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది? దానికి జవాబు లేకుండా వచ్చిన అంకె కుదిరినా కుదిరినట్టు కాదు.

కిలోవాట్‌తో కిలోవాట్‌ను నేరుగా పోల్చాల్సిన చోటు ఒకటి ఉందని కూడా చెప్పాలి. బ్యాటరీ, గ్రిడ్ ఏవీ లేకుండా ప్యానెల్స్ మీదే నేరుగా నడిచే సోలార్ బోరు మోటారు అది. 5 హెచ్‌పీ సోలార్ పంపుకు సుమారు 4,800 వాట్ల ప్యానెల్స్ ఇస్తారు. అక్కడ ఆ క్షణంలో ప్యానెల్ ఇచ్చిందే మోటారుకు అందాలి, దాచుకునే చోటు లేదు, కాబట్టి జోరే లెక్క. రైతులు ఆ పద్ధతి చూసి ఉండటం వల్ల అదే ఇంటికీ షెడ్డుకూ వర్తిస్తుందనుకోవడం సహజం.

బ్యాటరీ మీద రాసిన ఐదు

కొటేషన్‌లో "5 కిలోవాట్ల లిథియం బ్యాటరీ" అని ఉంది. బ్యాటరీకి ఆ మాట సరిపోదు. బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పాలంటే కిలోవాట్-అవర్ కావాలి. దాని పక్కనున్న స్టిక్కర్ చూశాను. `51.2V 100Ah` అని, కింద `5.12kWh` అని ఉంది. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే 5,120 వాట్-అవర్లు, అంటే 5.12 యూనిట్లు. బ్యాటరీ ఏదైనా ఇలా స్టిక్కర్ నుంచి ఎవరికివారే లెక్కవేసుకోవచ్చు. ఇంట్లో వాడే 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ కూడా ఇదే లెక్కన 1.8 యూనిట్లు, సీసం బ్యాటరీ కాబట్టి మన్నిక కోసం అందులో సగమే వాడాలి.

ఈ 5.12 మొత్తం చేతికి రాదు. లిథియం బ్యాటరీ ఎక్కువ కాలం ఉండాలని చివరి 20 శాతం వదిలేసేలా ఇన్వర్టర్‌లో పెట్టారు. మిగిలిన 4.1 యూనిట్లు ఇన్వర్టర్ గుండా వచ్చేటప్పుడు పదో వంతు వేడిగా పోతుంది. షెడ్డులోని ప్లగ్గు దగ్గరికి చేరేది 3.7 యూనిట్లు. ఇప్పుడు సాయంత్రం కరెంటు పోయిందనుకుందాం. కంప్రెసర్ 3.5 కిలోవాట్లు, మిగతావన్నీ 0.4 కిలోవాట్లు లాగుతున్నాయి. 3.7ను 3.9తో భాగిస్తే గంటకు కొంచెం తక్కువ. మొదటిరోజు 50 నిమిషాలకు ఆగడంలో విచిత్రం ఏమీ లేదు. బ్యాటరీ చెడిపోలేదు, చేయగలిగిందంతా చేసింది.

మరి సాయంత్రానికి అసలు ఎంత కావాలి? దీన్ని రెండు దారుల్లో చూశాను, ఒకటి ఇంకొకదాన్ని సరిచూస్తుందని.

మొదటిది పాల నుంచి. ఒక లీటరు పాలను ఒక డిగ్రీ చల్లబరచాలంటే సుమారు 4 కిలోజూల్స్ వేడి బయటికి తీయాలి. 400 లీటర్లు, 35 నుంచి 4కు 31 డిగ్రీలు. గుణిస్తే 49,600 కిలోజూల్స్. ఒక యూనిట్ అంటే 3,600 కిలోజూల్స్ కాబట్టి, తీయాల్సిన వేడి 13.8 యూనిట్లంత. కంప్రెసర్ ఒక యూనిట్ కరెంటుతో 2.4 యూనిట్ల వేడిని తోడేస్తుందని ఆ కూలర్ పాత రికార్డుల నుంచి అంచనా వేశాను. కాబట్టి కరెంటు 5.8 యూనిట్లు. 3.5 కిలోవాట్ల చొప్పున అది గంటా నలభై నిమిషాల పని. దీనికి మిగతా యంత్రాల మూడు గంటల వాడకం 1.2 యూనిట్లు కలిపితే 7.

రెండోది మీటరు నుంచి. బ్యాటరీని పక్కన పెట్టి, గ్రిడ్ మీద మాత్రమే నడుస్తున్న ఒక సాయంత్రం 6 గంటలకు మీటరు రీడింగ్ రాసుకోమన్నాను, మళ్ళీ 9 గంటలకు రాయమన్నాను. మీటరు తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి. `kWh` అని కనిపించేదే తీసుకోవాలి, `kW` అని వచ్చేది గరిష్ఠ డిమాండ్, దాన్ని వదిలేయాలి. తేడా 7 యూనిట్లకు కాస్త పైన వచ్చింది. ఏ పరికరమూ కొనకుండా ఎవరైనా చేయగలిగిన పరీక్ష ఇది. సోలార్‌తో బ్యాకప్ కావాలనుకునే ప్రతి ఇంట్లో దీన్ని కొటేషన్‌కు ముందే చేయాలని నేను గట్టిగా చెప్తాను.

ప్లగ్గు దగ్గర 7 యూనిట్లు చేరాలంటే, చివరి 20 శాతం, దారిలో పోయే పదో వంతు కలుపుకుని బ్యాటరీ 9.7 యూనిట్లది ఉండాలి. మే నెలలో పాలు ఇంకా వేడిగా వస్తాయి, ఆ వేడిగాలిలో కంప్రెసర్ సత్తా తగ్గుతుంది, అప్పుడు 11.4 దాకా కావాలి. ఉన్నది 5.12.

పది నిమిషాల రోజు, స్టార్ట్ కాని రోజు

రెండో రోజు పది నిమిషాలకే ఆగడానికి కారణం ఇన్వర్టర్ సెట్టింగ్‌లో దొరికింది. అది `Self Use` లో ఉంది. అంటే సాయంత్రం గ్రిడ్ కరెంటు ఉన్నా సరే, ముందు బ్యాటరీని వాడి, అది అయిపోయాకే గ్రిడ్‌ను తీసుకుంటుంది. ఆరోజు ఆరున్నరకు కంప్రెసర్ మొదలైంది, బ్యాటరీ ఖాళీ అవుతూ వచ్చింది, ఏడుంపావుకు గాలివానకు కరెంటు పోయేసరికి అడుగున కొద్దిగానే ఉంది. ఇన్వర్టర్ యాప్‌లో ఆనాటి గ్రాఫ్ తెరిస్తే ఇది గీత గీసినట్టు కనిపించింది. బ్యాటరీ శాతం కరెంటు పోకముందే కిందికి జారుతోంది.

ఈ షెడ్డుకు నెట్ మీటరు ఉంది. మధ్యాహ్నం కంప్రెసర్ నడవనప్పుడు ప్యానెల్స్ ఇచ్చింది గ్రిడ్‌లోకి పోయి లెక్కలోకి వస్తుంది, పొద్దున, సాయంత్రం గ్రిడ్ నుంచి తీసుకున్న దానిలో అది తగ్గుతుంది. బిల్లు తగ్గించడానికి బ్యాటరీ అవసరమే లేదు. బ్యాటరీ ఉన్నది పాలను కాపాడటానికి, కాబట్టి సెట్టింగ్‌ను `Backup` కు మార్చి, కరెంటు పోయేదాకా బ్యాటరీ నిండుగానే ఉండేలా చేశాను. పైసా ఖర్చు లేకుండా అయిన మార్పు ఇదొక్కటే.

మూడో రోజుది వేరే కథ. ఇక్కడ కిలోవాట్-అవర్ తప్పేమీ లేదు, కిలోవాటే తక్కువైంది. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు క్లాంప్ మీటరు పెట్టి చూస్తే ఒక్కో ఫేజుకు 6 ఆంపియర్ల లోపే లాగుతోంది. స్టార్ట్ అయ్యే ఆ ఒక్క క్షణం మాత్రం 34 దాకా ఎగిరింది. నేరుగా స్టార్ట్ చేసే మోటార్లన్నీ ఇలా ఐదారింతలు లాగుతాయి. ఆ క్షణానికి 24 కేవీఏ కావాలి, కేవీఏ కూడా కిలోవాట్ లాగే జోరు కొలతే. ఆ 5 కిలోవాట్ల ఇన్వర్టర్ కొన్ని సెకన్ల పాటు ఇవ్వగలిగింది 10. గ్రిడ్ ఉన్నప్పుడు ఆ ఊపు గ్రిడ్ ఇస్తుంది, అందుకే ఎవరికీ తెలియలేదు. కంప్రెసర్ నడుస్తుండగా కరెంటు పోతే బ్యాటరీ దాన్ని అందుకుని నడిపిస్తుంది, అది కూడా తెలియదు. కరెంటు లేనప్పుడు కొత్తగా స్టార్ట్ కావాల్సి వస్తేనే తెరమీద `Overload` వచ్చి ఆగుతుంది. ఆ మూడు రోజుల సంగతులను విడివిడిగా చూడకపోతే అంతా ఒకే జబ్బులా కనిపిస్తుంది, దానికి మందు "ఇంకో 15 కిలోవాట్లు" అని ఎవరో చెప్తారు. ఆ 15 కిలోవాట్ల ప్యానెల్స్ పెట్టి ఉంటే రాత్రి ఏడింటికి అవి ఇచ్చేది సున్నా.

ఏం మార్చాం

ప్యానెల్స్ అలాగే ఉంచాం. 550 వాట్లవి తొమ్మిది ఉన్నాయి, మొత్తం 5 కిలోవాట్లకు కొంచెం తక్కువ. మిట్టమధ్యాహ్నం కూడా యాప్‌లో 4 కిలోవాట్లకు మించి రావడం లేదని ఆయన అనుమానపడ్డారు. మే నెల ఎండకు ప్యానెల్ 65 డిగ్రీల దాకా కాలుతుంది. ప్లేటు మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది, 40 డిగ్రీలకు 14 శాతం. దానిపైన దుమ్ము. కాబట్టి 4 రావడం ఆరోగ్యంగా ఉన్న ప్యానెల్స్ లక్షణమే. చూడాల్సింది రోజు మొత్తం యూనిట్లు. అవి ఎండాకాలంలో 22, 23 వస్తున్నాయి, వానాకాలంలో 15, 16కు పడతాయి, సగటున 20 దగ్గర నిలుస్తాయి. బిల్లు తగ్గడమే దానికి సాక్ష్యం.

బ్యాటరీకి అలాంటివే ఇంకో రెండు మాడ్యూళ్ళు కలిపాం. మూడు కలిపితే 15.36 యూనిట్లు, ప్లగ్గు దగ్గరికి 11. రెండు చాలవా అని ఆయన అడిగారు. మామూలు రోజుకు రెండు అంచుమీద సరిపోతాయి, మే నెలకు చాలవు, ఏళ్ళు గడిచేకొద్దీ బ్యాటరీ సత్తా తగ్గుతుంది కూడా. జనరేటర్ అమ్మేసిన చోట అంచుమీద ఉండటం నాకు నచ్చలేదు. మూడు పెట్టడంలో ఇంకో లాభం ఉంది. ఆ మాడ్యూల్ తయారీదారు 50 ఆంపియర్ల దగ్గర వాడమని సిఫారసు చేశాడు, గరిష్ఠం 100. ఒక్కదాని మీదే కంప్రెసర్ నడిచినప్పుడు 80 దాటి లాగుతోంది. మూడింటి మీద పంచితే ఒక్కోదానికి 30 లోపే పడుతుంది. బ్యాటరీకి కూడా ఇలా రెండు అంకెలు ఉంటాయి. ఎంత పడుతుందన్నది ఒకటి, ఎంత జోరుగా ఇవ్వగలదన్నది ఇంకొకటి. కొటేషన్‌లో రెండూ రాయించుకోవాలి.

ఇన్వర్టర్‌ను మార్చలేదు. పెద్దది కొనడం కన్నా కంప్రెసర్‌కు వీఎఫ్‌డీ డ్రైవ్ పెట్టడం చవక. దాంతో మోటారు ఒక్కసారిగా ఊపందుకోకుండా మెల్లగా వేగం పెంచుకుంటుంది, స్టార్టింగ్ కరెంటు నడిచే కరెంటు దగ్గరే ఉండిపోతుంది. మరీ తక్కువ వేగంలో కంప్రెసర్‌కు లోపల ఆయిల్ సరిగా అందదు, అందుకే కూలర్ కంపెనీ మెకానిక్‌ను పిలిచి కనీస వేగం ఎంత ఉండాలో ఆయనతోనే సెట్ చేయించాం. ఆ తర్వాత మెయిన్ స్విచ్ దించేసి, బ్యాటరీ మీదే కంప్రెసర్‌ను పూర్తిగా ఆగి ఉన్న స్థితి నుంచి స్టార్ట్ చేసి చూశాం. `Overload` రాలేదు. జూన్‌లో ఒక సాయంత్రం ఆరు దాటాక పోయిన కరెంటు తొమ్మిదిన్నరకు వచ్చింది. పాలు 4 డిగ్రీలకు దిగాయి, బ్యాటరీలో ఇంకా మూడో వంతుకు పైగా ఉంది.

బ్యాంకు లోను ఆయన తీసుకోలేదు.

ఇప్పుడు పక్క తండా నుంచి సాయంత్రం ఇంకో 200 లీటర్లు తీసుకోవాలని ఆలోచిస్తున్నారు. "అయితే అన్నీ పెంచాల్నా?" అని అడిగితే కూర్చుని లెక్కవేశాం. కంప్రెసర్ అదే, అది లాగే 3.5 కిలోవాట్లూ అవే, కాబట్టి ఇన్వర్టర్, డ్రైవ్, వైర్లు ఏవీ కదిలించక్కర్లేదు. మారేది అది నడిచే సమయం, ఇంకో 50 నిమిషాలు. యూనిట్లు రోజుకు 2.9 పెరుగుతాయి. దానికి 550 వాట్ల ప్యానెల్స్ రెండు కలిపితే సరిపోతుంది. బ్యాటరీ సంగతికొస్తే, మామూలు సాయంత్రానికి ప్లగ్గు దగ్గర 9.9 యూనిట్లు కావాలి, ఉన్న 11 చాలుతాయి. మే నెలలో 11.7 కావాలి, అప్పుడు చాలవు. ర్యాక్‌లో నాలుగో మాడ్యూల్‌కు చోటు ఉంది. ఈ వానాకాలం, చలికాలం ఉన్నవాటితోనే నడిపి, మార్చికి ముందు అది కొనాలని అనుకున్నాం.